పుంటికూర, ఇనుప కడాయి, రక్తం లెక్క

సంక్రాంతికి ఐనవోలు జాతరకు పోయినప్పుడు మా వదిన ఒక ఇనుప కడాయి కొనుక్కొచ్చింది. మోయలేక మోయలేక హనుమకొండ దాకా తెచ్చి, వంటగట్టు మీద ధన్‌మని పెట్టి, "ఇగ గోలీలు బంద్" అంది. అంతకు వారం ముందే రక్తపరీక్షలో ఆమె హిమోగ్లోబిన్ 9.4 వచ్చింది. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 8 మాత్రమే ఉంది. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసింది. అవి వేసుకుంటే వదినకు కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం. ఇంతలో ఎవరో చెప్పారు, ఇనుప కడాయిలో పులుపు వండుకుంటే మాత్రలతో పని లేదని.

నాలుగు నెలలు పుంటికూర పప్పు, టమాటా, చింతపులుసు అన్నీ అందులోనే వండింది. మళ్ళీ పరీక్ష చేయిస్తే 9.6 వచ్చింది. "కడాయి నకిలీదేమో" అంది. నకిలీది కాదు. కడాయి తన పని తాను చేసింది. ఎంత పని చేయగలదో మనమే తప్పు లెక్కేసుకున్నాం.

పోషకాహారం పాఠాలు చెప్పుకునే దాన్ని కాబట్టి ఇనుప కడాయితో రక్తం పడుతుందా అన్న ప్రశ్న నాకు ఏడాదిలో పదిసార్లైనా వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. రాకుండా ఎట్లా ఉంటుంది ఈ ప్రశ్న? అందుకే వదిన కడాయినే ముందు పెట్టుకుని మొత్తం విప్పి చెబుతాను.

కడాయిలోంచి ఇనుము కూరలోకి వస్తుందన్నది నిజం. 1986లో వెలువడిన ఒక పరిశీలన కోసం అమెరికాలో ఇరవై రకాల వంటకాలను ఇనుప పాత్రలోనూ, ఇనుము దిగని పాత్రలోనూ వండి పోల్చి చూశారు. టమాటా సాస్‌లో 100 గ్రాములకు 0.6 మిల్లీగ్రాములున్న ఇనుము దాదాపు 6కు చేరింది. ఆపిల్ గుజ్జులో 0.4 కూడా లేనిది 7 దాటింది. మొక్కజొన్న రొట్టెలో మాత్రం పెరిగీ పెరగనట్టు పెరిగింది. మొదటి రెండూ పుల్లనివి, నీళ్ళున్నవి. రొట్టె పొడిది, పులుపు లేనిది. అసలు సంగతి ఈ తేడాలోనే ఉంది.

ఇనుము లోహంగా ఉన్నంతసేపు నాలుకకు తగలదు, పేగుకు అందదు. ఆమ్లం తగిలితేనే అది కరిగి నీళ్ళలోకి దిగుతుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో, టమాటాలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. పుంటికూరకు ఆ పులుపు ఇచ్చేదీ ఇలాంటి ఆమ్లాలే. మన దగ్గర కలంకారీ పనివాళ్ళు ఈ పనిని ఎన్నో తరాలుగా చేస్తున్నారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. నీళ్ళు పులుస్తాయి, ఇనుము కరుగుతుంది, నల్లరంగుకు కావలసిన ద్రావణం తయారవుతుంది. మీ పులుసు గిన్నెలో జరిగేదీ అదే పని. అక్కడ రోజులు పట్టేది ఇక్కడ పొయ్యి వేడి మీద అరగంటలో కొంత అవుతుంది.

కాబట్టి పులుపు ఒక్కటే చాలదు. నీరు ఉండాలి, వేడి ఉండాలి, సమయం పట్టాలి. పెంక మీద జొన్నరొట్టె కాలిస్తే రక్తం పడుతుందనుకునే వాళ్ళున్నారు. రొట్టె మంచిదే గానీ దానికి పెంక నుంచి వచ్చే ఇనుము లెక్కలోకి రాదు. పచ్చిపులుసు సంగతి మరీ నవ్వొచ్చేది. పొయ్యే ఎక్కని దానికి కడాయి ఏమిస్తుంది? పప్పును కుక్కర్లో ఉడికించి, పుంటికూరను విడిగా కడాయిలో కాసిన్ని నీళ్ళతో పదిహేను, ఇరవై నిమిషాలు మగ్గనిచ్చి, ఆ తర్వాత పప్పు కలిపితే ఇనుము బాగా దిగుతుంది. అదే కూరను స్టీలు గిన్నెలో ఉడికించి, తాలింపుకు మాత్రం కడాయి వాడితే దిగేది చాలా తక్కువ. నూనెలో ఆవాలు చిటపటలాడే నిమిషంలో కరిగే ఆమ్లమే లేదు కదా.

కొత్త కడాయి ఎక్కువ ఇస్తుంది, పాతబడ్డది తక్కువ ఇస్తుంది. వాడగా వాడగా నూనె మరిగి లోహం మీద నల్లటి నున్నటి పొరలా పట్టేస్తుంది. దోశ అంటుకోకుండా లేచేది ఆ పొర వల్లే. అదే పొర ఇనుముకూ కూరకూ మధ్య అడ్డం నిలబడుతుంది. పులుపు ఆ పొరను మెల్లగా తినేస్తుంది. అందుకే పులుసు వండిన మర్నాడు అదే కడాయిలో గుడ్డు వేస్తే అడుగంటుతుంది, ఇల్లాలు కడాయిని తిడుతుంది. వీలుంటే రెండు పెట్టుకోండి. నున్నబడ్డది వేపుళ్ళకు, దోశలకు. పులుసులకు వేరేది.

పుంటికూర ఇనుప కడాయిలో వండితే ముదురు రంగుకు, ఒక్కోసారి కాటుక నలుపుకు తిరుగుతుంది. వంకాయ కూడా అంతే. చాలామంది దాన్ని చూసి "ఇనుము మస్తుగా వచ్చింది" అని సంబరపడతారు. వచ్చిన మాట నిజమే గానీ ఆ నలుపులో ఒక మెలిక ఉంది. వెనుకటి రోజుల్లో కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవాళ్ళు. అన్నభేది అంటే ఇనుప లవణం, కరక్కాయలో ఉండేది వగరు. ఇనుమూ వగరూ పట్టుకుంటే నలుపు పుడుతుంది. కూరలో కనిపించే నలుపూ చాలావరకు ఆ జంటే. వగరు పట్టుకున్న ఇనుము పేగులో అంత సులువుగా విడిపోదు. అంటే నల్లబడ్డ కూరలో ఇనుము ఉంది, కానీ అందులో కొంత సంకెళ్ళతో ఉంది. భోజనమైన వెంటనే చాయ్ తాగితే జరిగేదీ ఇదే, ఇంకా గట్టిగా. చాయ్‌లోని వగరు పళ్ళెంలోని ఇనుమునంతా కట్టేయడానికి చూస్తుంది. గంటన్నర, రెండు గంటలు ఆగి తాగితే ఆ గొడవ తగ్గుతుంది. దీనికి విరుగుడు విటమిన్ సి. తినేటప్పుడు పళ్ళెంలో నిమ్మచెక్క పిండుకోవడం, అన్నం తర్వాత జామకాయ తినడం. పొయ్యి మీద మరిగించిన నిమ్మరసంలో విటమిన్ చాలావరకు పోతుంది కాబట్టి పచ్చిగా పిండుకుంటేనే ఫలితం.

ఇప్పుడు వదిన లెక్కకు వద్దాం. ఆమె బరువు 52 కిలోలు. కిలోకు 65 మిల్లీలీటర్ల చొప్పున ఒంట్లో రక్తం దాదాపు 3.4 లీటర్లు, అంటే 34 డెసిలీటర్లు. హిమోగ్లోబిన్ 9.4 నుంచి, ఆడవాళ్ళకు కనీసం ఉండాల్సిన 12కు రావాలంటే ప్రతి డెసిలీటరులో 2.6 గ్రాములు పెరగాలి. ఒక్కో గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. మూడూ గుణిస్తే 300 మిల్లీగ్రాములు. ఇది రక్తంలోకి చేరాల్సిన ఇనుము, పళ్ళెంలో పడాల్సింది కాదు.

కడాయి వల్ల రోజుకు 5 మిల్లీగ్రాములు అదనంగా తింటోందనుకుందాం. ఇది ఉదారంగా వేసిన లెక్కే. ఇలాంటి ఇనుములో పేగు తీసుకునేది పదో వంతు అనుకుంటే రోజుకు అర మిల్లీగ్రాము. 300 రావాలంటే 600 రోజులు. అది కూడా ఒంట్లోంచి ఏమీ పోకపోతేనే. నెలసరికి 40 మిల్లీలీటర్ల రక్తం పోతుందనుకుంటే అందులో దాదాపు 13 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. కడాయి నెలంతా ఇచ్చేది 15. వదినకు నాలుగు నెలల్లో 0.2 పెరిగిందంటే ఆశ్చర్యం దేనికి? ఆ మాత్రం తేడా ఒకే మనిషికి రెండు రోజులు వరసగా పరీక్ష చేసినా రావచ్చు.

మాత్రతో పోల్చి చూడండి. సర్కారు దవాఖానలో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. అందులో పదో వంతు పట్టినా రోజుకు 6. అదే 300కు 50 రోజులు చాలు. ఒంట్లో ఇనుము తక్కువున్నప్పుడు పేగు కొంచెం ఎక్కువే తీసుకుంటుంది, కానీ ఆ వెసులుబాటు రెండింటికీ వర్తిస్తుంది. కాబట్టి తేడా తేడాగానే ఉంటుంది. హిమోగ్లోబిన్ సరైన చోటికి వచ్చాక కూడా నిల్వ నింపుకోవడానికి దాదాపు మూడు నెలలు మాత్రలు కొనసాగించమంటారు.

అట్లయితే కడాయి దండగేనా? కాదు. 1999లో వెలువడిన ఒక పరిశీలన కోసం ఇథియోపియాలో రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలున్న కుటుంబాలకు కొందరికి ఇనుప కుండలు, కొందరికి అల్యూమినియం కుండలు ఇచ్చి ఏడాదిపాటు చూశారు. ఇనుప కుండల ఇళ్ళలో పిల్లల హిమోగ్లోబిన్ 1.7 పెరిగింది, అల్యూమినియం ఇళ్ళలో 0.4 పెరిగింది. ఇదీ వదిన లెక్కా ఒకదానికొకటి అడ్డం రావు. పన్నెండు కిలోల పిల్లాడి ఒంట్లో రక్తం లీటరు కూడా ఉండదు. వాడి హిమోగ్లోబిన్ ఒక గ్రాము పెంచడానికి 30 మిల్లీగ్రాములు చాలు. వదినకు అదే ఒక గ్రాముకు 115 కావాలి. పైగా పిల్లాడికి నెలసరి లేదు. రోజూ చిటికెడు చొప్పున ఏడాదిపాటు అందే ఇనుము చిన్న ఒంట్లో కనబడుతుంది, పెద్ద ఒంట్లో, రక్తం పోతూ ఉన్న ఒంట్లో, మునిగిపోతుంది. ఇప్పటికే తగ్గిన రక్తాన్ని లేపడానికి కడాయిని నమ్ముకోవద్దు. మాత్రలతో లేపిన రక్తం మళ్ళీ జారకుండా చూసుకోవడానికి అది అక్కరకొస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం మామూలు ఆడవాళ్ళు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము తినాలి. అందులో 5 కడాయి నుంచి వస్తే అదేం తక్కువ సాయం కాదు. కడాయి అరిగిపోతుందన్న బెంగ కూడా అక్కర్లేదు. రోజుకు 5 మిల్లీగ్రాములు పోయినా ఏడాదికి పోయేది రెండు గ్రాములు కూడా కాదు.

కొనేటప్పుడు ఒక మాట. నల్లగా ఉన్నదల్లా ఇనుము కాదు. నల్ల పూత వేసిన అల్యూమినియం కడాయిలు బజార్లో బోలెడు. చేతికి తేలిగ్గా ఉండి, అయస్కాంతం పట్టుకోకపోతే అది అల్యూమినియమే. లోపల గాజులా మెరిసే ఎనామిల్ పూత ఉన్నవి నిజమైన పోత ఇనుమువే అయినా కూరలోకి ఏమీ వదలవు. దించిన పులుసును వెంటనే స్టీలు గిన్నెలోకో మట్టికుండలోకో ఒంపేయాలి. రాత్రంతా కడాయిలోనే ఉంచితే పొద్దున్నే నోట్లో పెట్టుకోగానే నాణెం నాకినట్టు ఉంటుంది, అన్నంలో కలిపితే బూడిదరంగు తేలుతుంది. అది విషమేం కాదు గానీ ఎవరూ తినలేరు. కడిగి, పొయ్యి మీద తడి ఆర్చి, చుక్క నూనె రాసి పెట్టాలి. గుడ్డతో తుడిస్తే ఎర్రగా అంటుకుంటే తుప్పు పట్టిందని అర్థం. తుప్పు తింటే ఇనుము ఎక్కువ వస్తుందన్నది వట్టి మాట, ఆ రూపంలో ఇనుము పేగుకు అందేది చాలా తక్కువ. తోమి వాడుకోండి. ఇత్తడి, రాగి గిన్నెల్లో పులుపు వండొద్దని మన అమ్మమ్మలు చెప్పింది వేరే కారణానికి. కళాయి పోయిన ఇత్తడిలోంచి దిగే రాగి కడుపును పాడు చేస్తుంది. ఆ మాటను ఇనుముకు అంటగట్టి భయపడే వాళ్ళూ ఉన్నారు.

నిజంగా భయపడాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. మన ఒంటికి ఇనుమును లోపలికి తీసుకునే తలుపుంది గానీ బయటకు పంపే తలుపు లేదు. చర్మం, పేగుల నుంచి రాలే కణాలతో రోజుకు ఒక మిల్లీగ్రాము అటూ ఇటుగా పోతుంది, అంతే. మామూలు మనిషికి నిల్వలు నిండితే పేగే తలుపు దగ్గరేసుకుంటుంది కాబట్టి కడాయి వల్ల ముప్పు రాదు. ఆ తలుపు సరిగా పనిచేయని వాళ్ళకు, లేదా ఇనుము వేరే దారిలో ఒంట్లోకి చేరుతున్న వాళ్ళకు మాత్రం ఇది సరిపడదు.

వీళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది పుట్టుకతోనే హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా పిల్లలను. వాళ్ళకు రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించే ఒక్కో సంచీతో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటకు లాగడానికే రోజూ డెఫెరాసిరాక్స్ లాంటి మందు వేసుకుంటారు. ఒక చేత్తో తోడేస్తూ ఇంకో చేత్తో పోసుకోవడం ఎందుకు? ఈ పిల్లల మొహం పాలిపోయి ఉంటుంది, చూసినవాళ్ళు "రక్తం లేదు బిడ్డకు, ఇనుప కడాయిల వండి పెట్టు" అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ సలహా ఇక్కడ పూర్తిగా తలకిందులు. రక్తం తరచుగా ఎక్కించక్కర్లేని, మధ్యరకం తలసీమియా ఉన్నవాళ్ళు కూడా జాగ్రత్తపడాలి. వాళ్ళ పేగు అక్కరకు మించి ఇనుమును లాక్కుంటుంది.

మన ఉత్తర తెలంగాణలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది సికిల్ సెల్, అంటే ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు. ఉట్నూరు, ఏటూరునాగారం వైపు గోండు, కోయ కుటుంబాల్లో ఇది కనిపిస్తుంది. 2023లో కేంద్రం దేశమంతటా ఆదివాసీ ప్రాంతాల్లో దీనికి పరీక్షలు మొదలుపెట్టింది. సికిల్ సెల్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఇనుము ఎక్కువ ఉంటుందని కాదు. కొందరికి తక్కువ కూడా ఉండొచ్చు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకున్న వాళ్ళు మాత్రం ఫెరిటిన్ చూపించుకోకుండా ఇనుప పాత్ర జోలికి పోకూడదు.

ఇక తలసీమియా వాహకులున్నారు. జబ్బు ఉండదు, హిమోగ్లోబిన్ 10, 10.5 దగ్గర జీవితాంతం ఆగిపోతుంది, ఎర్రకణాలు చిన్నవిగా ఉంటాయి. రిపోర్టు చూడ్డానికి అచ్చం ఇనుము లోపంలాగే ఉంటుంది. ఏళ్ళ తరబడి మాత్రలు మింగినా అంగుళం కదలదు. ఫెరిటిన్ మామూలుగా ఉంటే ఇనుమును అనుమానించడం ఆపి, హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాలి. కంబోడియాలో ఇది పెద్దయెత్తున తెలిసొచ్చింది. అక్కడ వంటకుండలో వేసి మరిగించడానికి చేప ఆకారంలో ఇనుప ముక్క ఇచ్చారు, నిమ్మచుక్కలు కూడా కలపమన్నారు. మొదట్లో బాగా పేరొచ్చింది. 2017లో వెలువడిన పరిశీలనలో మాత్రం ఆడవాళ్ళ హిమోగ్లోబిన్ పెరగలేదని తేలింది. వాళ్ళలో చాలామందికి రక్తం తగ్గింది ఇనుము లేక కాదు, పుట్టుకతో వచ్చిన హిమోగ్లోబిన్ తేడా వల్ల.

కాలేయ జబ్బున్నవాళ్ళు, రోజూ తాగేవాళ్ళు కూడా పులుసును ఇనుములో మరిగించుకోవద్దు. దక్షిణాఫ్రికా వైపు ఊళ్ళలో ధాన్యపు బీరును ఇనుప పీపాల్లో పులియబెట్టేవాళ్ళు. పులుపు, ఇనుము, రోజుల కొద్దీ నిల్వ, వాటికి తోడు మద్యం. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ కాలేయాల్లో ఇనుము పేరుకుపోయి పాడయ్యాయి. మన గౌడన్నలు కల్లును మట్టి లొట్టిలో పట్టడం ఎంత మంచిదయిందో.

ఇంకొకరున్నారు, వాళ్ళకు కడాయి హాని చేయదు గానీ మోసం చేస్తుంది. అరవై ఏళ్ళ మగమనిషికి హిమోగ్లోబిన్ 9 ఉందంటే ఎక్కడో రక్తం పోతోందేమో చూడాలి. మొలలు, కడుపులో పుండు, పేగులో గడ్డ, ఏదైనా కావచ్చు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకూ అంతే. వీళ్ళు కడాయి కొనుక్కుని ఆరు నెలలు చూద్దామనుకుంటే పోయేది ఆ ఆరు నెలలే.

వదినతో ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. "ఆడబిడ్డవు గదా, వంటకు గూడ పరీక్ష పెడ్తవు" అని నవ్వింది. డాక్టరమ్మ మాత్రను రోజు విడిచి రోజు, రాత్రి పడుకునే ముందు వేసుకోమంది. అలా వేసుకుంటే తిప్పడం తగ్గింది. మూడు నెలలకు 11.5 వచ్చింది. కడాయి మాత్రం మూల పడలేదు, పుంటికూర రోజున పొయ్యెక్కుతూనే ఉంది.

వాళ్ళ పక్కింట్లో ఏడేళ్ళ పాపకు తలసీమియా. ఆ తల్లికేమో ఇనుము లోపం. ఒకే వంటింట్లో ఒకరికి కావాల్సింది ఇంకొకరికి కూడదు. ఆమె వేరేగా రెండు వంటలు వండదు. కూర అంతా స్టీలు గిన్నెలో ఉడికిస్తుంది. పాప పళ్ళెంలోకి తీసేశాక, మిగిలిన దాన్ని ఇంకాస్త చింతపండు రసం పోసి ఇనుప కడాయిలోకి ఒంపి, సన్నటి సెగ మీద పదిహేను నిమిషాలు ఉంచుతుంది. పాప చెంచా కడాయిలో పడకుండా ఆ చెంచాకు ఎర్ర దారం కట్టి పెట్టుకుంది.